తొమ్మిదో దరఖాస్తు

హన్మకొండ చౌరస్తా దగ్గర, మెడికల్ షాపు పైన రెండో అంతస్తులో ఆడిటర్ రాజేశ్వర్ రావు గారి ఆఫీసు ఉంది. అందులో ఫిర్దోస్ నాలుగేళ్లుగా ఆడిట్ అసిస్టెంటు. ఎం.కామ్ చేసింది. కాస్ట్ అకౌంటెంట్ల కోర్సు సీఎంఏ ఇంటర్‌లో మొదటి గ్రూపు గట్టెక్కింది, రెండో గ్రూపు ఆమెను మూడుసార్లు వెనక్కి పంపింది. జీతం పద్నాలుగు వేలు. సార్ చెడ్డవాడేం కాదు. క్లయింట్ల రిటర్నుల గడువులన్నీ వేళ్ల మీద ఉండే మనిషికి జీతాలు పెంచే సంగతి మాత్రం గుర్తుకు రాదు, అంతే.

దీపావళి ముందు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. వరంగల్ ప్రాంతంలో పేరున్న పత్తి పరిశ్రమకు అకౌంటెంట్ కావాలి. జీతం ఇరవై ఆరు వేలు. ఎస్ఏపీ అనే పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేరు వస్తే మంచిది. చదువు, వచ్చిన సాఫ్ట్‌వేర్లు, ఆడిట్ అనుభవం స్పష్టంగా రాసి మెయిలు చేయాలి. కంపెనీ పేరు లేదు, ఒక జీమెయిల్ అడ్రసు మాత్రం ఉంది.

ఆ ఆదివారం వరంగల్ కాశిబుగ్గలో ఇంటి అరుగు మీద కూర్చుని ఫిర్దోస్ మెయిలు రాసుకుంది. నాలుగు వాక్యాలు. ఎం.కామ్, సీఎంఏ ఇంటర్ ఒక గ్రూపు. ట్యాలీ ప్రైమ్, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్. ఆడిట్లలో సీనియర్లకు సాయం. అప్పుడే హైదరాబాదు నుంచి చిన్నమ్మ కొడుకు అజహర్ వచ్చాడు. అతను ఏదో కంపెనీలో హెచ్ఆర్‌లో పనిచేస్తాడు కాబట్టి ఉద్యోగాల విషయంలో ఇంట్లో అందరూ అతని మాటే వింటారు.

"సాయం చేసిన అని రాస్తే సాయానికే పిలుస్తరు. ఇటియ్యి," అని ల్యాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కున్నాడు.

ఆమె తల్లి ఖాసింబీ రెండోసారి చాయ్ పెట్టేసరికి మెయిలు తయారైంది. అరవైకి పైగా సంస్థలకు చట్టం ప్రకారం జరిగే స్టాట్యుటరీ ఆడిట్లు, ట్యాక్స్ ఆడిట్లు 'స్వతంత్రంగా' నిర్వహించిందట. ఎక్సెల్‌లో నిపుణురాలట. సీఎంఏ ఇంటర్ పక్కన గ్రూపు అనే మాటే మాయమైంది. చివర్లో ఎస్ఏపీ వచ్చని కూడా ఉంది.

"భాయ్, ఎస్ఏపీ ఎట్లుంటదో నేను చూడనే లేదు."

"కొంచెం వచ్చు అని పెట్టిన కదా. కొంచెం అంటే సున్నా కాన్నుంచే మొదలైతది," అన్నాడు అజహర్. పంపే బటన్ కూడా అతనే నొక్కాడు.

పదిహేను రోజులు ఏ కబురూ లేదు. పదహారో రోజు, మంగళవారం పొద్దున, రాజేశ్వర్ రావు ఆమెను లోపలికి పిలిచాడు.

"పరకాల జిన్నింగ్ మిల్లు యాకయ్య సేటు అకౌంటెంట్ కోసం ప్రకటన ఇచ్చిండట. పద్నాలుగు దరఖాస్తులు వచ్చినయి. అన్నీ మన ఆఫీసు మెయిల్‌కు పంపిండు, చూసి చెప్పమంటాండు. ఎవర్ని తీసుకోవాల్నో మనం చెప్పొద్దు. ఆ మిల్లుకు మనం ఆడిటర్లం, మనిషిని ఎంచుకునుడు వాళ్ల పని. రాసిన దాంట్ల ఏది నిజమో, ఏది కాదో చూసి టేబుల్ వెయ్యి. చదువు, సాఫ్ట్‌వేరు, ఆడిట్ అనుభవం, పక్కన మన రిమార్కు. రమ్యను తోడు తీస్కో."

జిన్నింగ్ మిల్లు అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు; ఆ మాట వినగానే ఫిర్దోస్‌కు తన మెయిలు గుర్తొచ్చింది. పత్తి మిల్లులు బోలెడున్నాయి కదా అని సర్దిచెప్పుకుని బయటికి వచ్చింది.

రమ్య ఆ ఆఫీసులో సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తున్న పిల్ల. నవ్వు వస్తే ఆపుకోలేదు. మెయిళ్లన్నీ ప్రింటు తీసి, ఒక్కొక్కటి పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి దరఖాస్తు 'గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి' అని మొదలైంది. రెండో ఆయన మెయిల్లో ఏమీ రాయకుండా ఆధార్ కార్డు మాత్రం జోడించాడు. నాలుగో ఆయనకు వచ్చిన సాఫ్ట్‌వేర్లలో ట్యాలీ, ఎక్సెల్, ఫేస్‌బుక్ ఉన్నాయి. ఆరో ఆయన రెజ్యూమె బదులు పెళ్లి బయోడేటా పంపాడు. ఎత్తు అయిదడుగుల ఎనిమిది, చామనఛాయ, రోహిణి నక్షత్రం, రెండెకరాల మాగాణి.

"అక్కా, ఈయనకు రిమార్కు ఏం రాయాలె?"

"ఆడిట్ అనుభవం కనిపించలేదు అని రాయి," అంది ఫిర్దోస్ గంభీరంగా. రమ్య టేబుల్ మీద తల పెట్టి నవ్వింది.

ఏడో అభ్యర్థి సీఏ ఇంటర్ అని రాశాడు. ఫోన్ చేసి అడిగితే పరీక్ష రాశానని, ఫలితం గురించి తర్వాత మాట్లాడదామని చెప్పాడు. ఎనిమిదో అమ్మాయి రాసినవన్నీ నిజమే. ఫిర్దోస్ ఆమెకు మనసులోనే దండం పెట్టుకుంది.

రమ్య తొమ్మిదోది తీసింది. "వీళ్లెవరో చాన పెద్దోళ్లు అక్కా. అరవైకి పైగా సంస్థల స్టాట్యుటరీ ఆడిట్లు స్వతంత్రంగా చేసిండ్లట. మన సారు కూడ అన్ని చెయ్యలేదు కావచ్చు. మరి ఆడిట్ రిపోర్టు మీద సంతకం ఎవరు పెట్టిండ్లో. సీఏ లేదు, సీఎంఏ ఇంటరేనట. అబ్బో, ఎస్ఏపీ గూడ వచ్చట." ఆమె కళ్లు కాగితం అడుగున ఉన్న పేరు మీదికి దిగాయి. అక్కడ ఆగిపోయాయి.

ఫిర్దోస్ మెల్లగా చెయ్యి చాపి కాగితం తీసుకుంది.

"ఎవరికీ చెప్పకు," అంది.

"చెప్ప," అంది రమ్య. ఈసారి నవ్వలేదు. కాసేపటికి, "నిజంగ ఎస్ఏపీ వచ్చా అక్కా?" అని అడిగింది.

"నోరు మూసుకోని పదోది చదువు."

సాయంత్రం నాలుగింటికి టేబుల్ పూర్తయింది. తొమ్మిదో దరఖాస్తు ఫిర్దోస్ హ్యాండ్‌బ్యాగులో, లంచ్ బాక్సు కింద ఉంది. నాలుగేళ్లు ఇతరుల లెక్కల్లో దాచిన కాగితాలు వెతికిన మనిషికి తానే ఒక కాగితం దాచడం కొత్తగా ఉంది. సార్‌కు తెలిస్తే ఏమంటాడో ఊహించుకుంది: అన్నం పెట్టిన ఆఫీసును వదిలిపోతున్నావా అంటాడు. లేదా మాట్లాడడమే మానేస్తాడు. అది ఇంకా కష్టం.

రాజేశ్వర్ రావు టేబుల్ చూశాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. పెన్సిలుతో ఒక్కొక్క పేరుకూ టిక్కు పెట్టుకుంటూ చివరికి వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లాడు.

"యాకయ్య పంపినయి పద్నాలుగు. ఇక్కడ పదమూడే ఉన్నయి."

ఇంత చిన్న విషయం ఆమెకు తట్టనే లేదు. ఏ ఆడిట్‌కు పోయినా మొదట చేసేది అదే. వచ్చినవెన్ని, చూసినవెన్ని, తేడా ఎంత.

"ఒకటి నా బ్యాగుల ఉన్నది సార్," అంది.

"బ్యాగుల ఎందుకున్నది?"

"అది నాది సార్."

తెచ్చి ఇచ్చింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివాడు, ఆగి మళ్లీ చదివాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. అద్దం తలుపు అవతల రమ్య ప్రింటు తీసేదేమీ లేకపోయినా ప్రింటర్ దగ్గరే నిలబడి ఉంది.

"స్వతంత్రంగ చేసినవా?" అని అడిగాడు చివరికి. "అయితే ఈ నాలుగేళ్లు నేనేం చేసిన?"

"మా చిన్నమ్మ కొడుకు రాసిండు సార్."

"పేరు నీదే కదా కింద."

ఆయన టేబుల్ కాగితం ఆమె వైపు తోశాడు, పెన్సిలు కూడా.

"నీ దానికి నేను రిమార్కు రాస్తే బాగుండది. పోతానవని కోపంతోటి తక్కువ రాసిన అనుకుంటవు, లేకుంటే పోవద్దని ఇంకోతీరు రాస్త. నువ్వే రాయి. వేరేవాళ్లకు ఎట్ల రాసినవో అట్లనే."

ఫిర్దోస్ కూర్చుంది. పెన్సిలు అందుకుంది. తర్వాత అలవాటు తానే పని మొదలుపెట్టింది. చదువు: ఎం.కామ్ సరే, సీఎంఏ ఇంటర్ ఒక గ్రూపే పాస్, రెండోది మూడుసార్లు తప్పింది. సాఫ్ట్‌వేరు: ట్యాలీ ప్రైమ్ రోజూ వాడుతుంది, ఎక్సెల్‌లో పివట్, లుకప్ వస్తాయి, నిపుణురాలు అన్నది అతిశయం, ఎస్ఏపీ రాదు, చూడలేదు. ఆడిట్ అనుభవం: స్వతంత్రం కాదు. సీఏ పర్యవేక్షణలో వోచర్లు పరిశీలించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిచూడడం, కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే టూబీ పట్టీతో పోల్చడం, మూడు జిన్నింగ్ మిల్లుల్లో ఏడాది చివర సరుకు లెక్కపెట్టడం.

రాజేశ్వర్ రావు చదివి, "ఇది ఇంత ఉంటే ఆ గొప్పలెందుకు రాసినవు?" అన్నాడు. కోపం ఉందో లేదో ఆ గొంతులో తేలలేదు. "ఇదే మళ్ల మెయిలు చెయ్యి ఆయనకు. ముందు పంపింది తప్పని కూడ రాయి. మా ఆఫీసు మనిషివే అని నేను ఫోన్ల చెప్త, దాచేది లేదు."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చునే లోపే ఆమె రెండో మెయిలు రాసి పంపేసింది. దానిలో వాక్యాలన్నీ పొట్టివి. ముందరి మెయిలులో నాలుగు విషయాలు సరికావని, అవేవో వరుసగా చెప్పింది.

శుక్రవారం ముగ్గురిని ఇంటర్వ్యూకు పిలిచారు. ఫిర్దోస్ పరకాల బస్సు దిగి మిల్లుకు వెళ్లేసరికి వరండాలో ఎనిమిదో నంబరు అమ్మాయి, పక్కన పెళ్లి బయోడేటా అబ్బాయి కూర్చున్నారు. అతను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్నాడు.

లోపల యాకయ్య సేటు పత్తి నూగు అంటిన కుర్చీలో కూర్చుని ఆమెను చూసి నొసలు ముడిచాడు.

"నిన్ను యాడనో చూసిన."

"పోయిన మార్చి చివర స్టాక్ లెక్కకు వచ్చిన సార్."

"ఆఁ, పత్తి బేళ్ల మీదికి ఎక్కిన పిల్లవు." ఆయన గుమాస్తా వైపు తిరిగాడు. "గుర్తున్నదా? పొడుగు, ఎడల్పు, ఎత్తు లెక్కేసి సంతకం పెట్టి పోతరు అందరు. ఈమె పైకెక్కి నడుమ ఖాళీ ఉన్నదని పట్టింది. ఇరవై రెండు బేళ్లు తక్కువొచ్చినయి. నాకు ఎంత కోపమొచ్చిందో."

"అవి పక్క షెడ్డుల దొరికినయి కదా సార్, రాసుకునుడు మరిచిపోయిండ్లు," అంది ఫిర్దోస్ వెంటనే. లేకపోతే ఆయన పరువు పోతుందేమోనని ఆమెకే భయమేసింది.

"దొరికినయి. అది వేరే ముచ్చట." యాకయ్య మెయిలు ప్రింటు తీశాడు. "ఎస్ఏపీ రాదని రాసినవు."

"రాదు సార్."

"మాకూ లేదమ్మా. ఆ మాట ప్రకటనల మా కొడుకు పెట్టిండు. అది ఏందో వచ్చినోళ్లు చెప్తరేమో అనుకున్న."

తర్వాత ఆయన ట్యాలీలో ఒక పత్తి కొనుగోలు నమోదు చేయమన్నాడు. ఆమె చేస్తూ, రైతు దగ్గర కొన్న పత్తి కాబట్టి జీఎస్టీ మిల్లే కట్టాలని, ఆ పద్దు ముందు నెలలో వేరే లెడ్జర్‌లో పడిందని చూపించింది. గుమాస్తా మెడ తడుముకున్నాడు. యాకయ్య మూడు ప్రశ్నలు అడిగాడు: రోజూ వరంగల్ నుంచి వస్తావా, నూగుకు దగ్గు వస్తదా, ఎప్పటి నుంచి వస్తావు.

"మా సార్‌ను అడగాలె," అంది మూడోదానికి.

జీతం ఇరవై అయిదు వేలకు తేలింది. బయోడేటా అబ్బాయి కాంటా దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాడు. పత్తి రైతులతో మాట్లాడే తీరు బాగుందని యాకయ్యకు నచ్చింది.

సోమవారం రాజేశ్వర్ రావు రాజీనామా కాగితం తీసుకుని తేదీ చూశాడు.

"డిసెంబర్ ముప్పై ఒకటికి జీఎస్టీ వార్షిక రిటర్నులు. అవి అయ్యేదాంక ఉండు. జనవరి ఒకటిన పో."

"ఉంట సార్."

"ఇరవై అయిదు వేలు నేను ఇవ్వలేను. పద్దెనిమిది దాంక ఆలోచించేటోన్ని." రాజీనామా కాగితం ఫైల్లో పెట్టి అన్నాడు, "అడిగితే."

ఫిర్దోస్‌కు నవ్వాలో బాధపడాలో తెలియలేదు. నాలుగేళ్లలో అడగొచ్చన్న సంగతి ఆమెకు ఒక్కసారీ తట్టలేదు. బయటికి వచ్చి రమ్య పక్కన కూర్చుని, పెండింగులో ఉన్న ముప్పై ఏడు ఫైళ్లలో మొదటిది తెరిచింది.