డ్రాగన్ కోట వాపసు

ఆయన ఒక బీమా కంపెనీలో క్లెయిముల ఆఫీసరు. డబ్బు ఎందుకు ఇవ్వకూడదో కనిపెట్టడంలో ఆయనకు సాటి లేరని పై అధికారులే ఒప్పుకున్నారు. సంతకం గడి దాటినా, తారీకు దిద్దినా, పేరులో పొల్లు తగ్గినా ఆ కాగితం వచ్చిన దారినే వెళ్లిపోయేది. ఇంత పట్టింపు గల మనిషి ఇంట్లో మాత్రం పేపరు చదువుకునే వేళ కూతురు అడ్డు రాకుండా ఉంటే చాలనుకునేవారు. అందుకని ఆ పిల్ల చేతికి టాబ్లెట్ ఇచ్చేవారు.

కూతురికి ఆరేళ్లు. నోరు తెరిస్తే మూయదు గనుక అందరూ పిచ్చుక అంటారు. ఒక ఆదివారం ఉదయం పిచ్చుక చప్పుడు లేకుండా కూర్చుంది. అది తన పెంపకం గొప్పతనమేనని ఆయన మురిసిపోతుండగా ఫోనుకు బ్యాంకు మెసేజి వచ్చింది. ఆయన కార్డు నుంచి యాప్ స్టోరుకు సొమ్ము వెళ్లింది. ఇంటికి నెలసరి సరుకులు తెచ్చుకోవడానికి సరిపోయేంత సొమ్ము.

"నేను డ్రాగన్‌కి కోట కొన్నా నాన్నా. పాపం వానలో తడుస్తోంది," అంది పిచ్చుక గర్వంగా.

ఎలా కొందో చూపించమంటే చూపించింది. మెరుస్తున్న బొత్తాం మీద వేలు పెట్టడమే. పాస్‌వర్డు అడగలేదా అంటే, ఎప్పుడూ అడగదే అంది. పిల్ల చెప్పింది నిజమే. అంతకుముందు అక్షరాల పాఠాలు కొన్నప్పుడు ఆయనే కార్డు నంబరు ఎక్కించి, ఊరికే పాస్‌వర్డు కొట్టడం విసుగని, ఇక అడగనక్కర్లేదని స్వహస్తాలతో టిక్కు పెట్టారు.

ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఆయన భార్య, స్టోరులోనే రిఫండు అడిగే ఫారం ఉంటుందని, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమని చెప్పింది. భార్య చెప్పింది వెంటనే చేస్తే మర్యాద ఏముంటుంది? ఆయన ముందు బ్యాంకుకు ఫోన్ చేసి, ఎవరో దొంగలు తన కార్డు వాడేశారని ఫిర్యాదు చేశారు. అవతలి అమ్మాయి ఓపికగా విని, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని అడిగింది. ఉంటే మాత్రం ఏమిటన్నారు ఆయన. ముందు స్టోరును అడగండి, మేం ఇక్కడ వివాదం మొదలుపెడితే వాళ్లు ఆ ఖాతానే ఆపేసే అవకాశం ఉంది అని ఆ అమ్మాయి మెత్తగా చెప్పి పెట్టేసింది.

ఇక ఆయన తన విద్యనంతా బయటికి తీశారు. భోజనాల బల్ల మీద కాగితాలు పరచి, విషయము, సూచిక, విన్నపము అంటూ మూడు పేజీల అర్జీ రాశారు. తర్వాత తన ఫోనులో తన ఖాతాతో స్టోరులోకి వెళ్లి రిఫండు పేజీ తెరిచారు. అక్కడ అర్జీ అడిగినవాడే లేడు. ఏ వస్తువుకు వాపసు కావాలో ఎంచుకోమంది. ఎంచుకోవడానికి ఏమీ లేదు. మీ ఖాతాలో కొనుగోళ్లు లేవని ఉంది.

కార్డు తనది, డబ్బు తనది, పిల్ల తనది, కొనుగోలు మాత్రం తనది కాదట. ఆయన స్టోరును, దాన్ని కనిపెట్టినవాళ్లను, వాళ్ల చదువులను తిట్టారు. ఆయన తిట్లు సాగుతుండగానే భార్య టాబ్లెట్ సెట్టింగులు తెరిచింది. పైన ఖాతాదారు బొమ్మ ఉంది. నల్ల కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్న ఆమె తమ్ముడు.

టాబ్లెట్ అతనిచ్చిన కానుకే. అతని ఖాతా అందులో అలాగే ఉండిపోయింది. కానుకతో పాటు చీటీ మీద రాసిచ్చిన పాస్‌వర్డు కొట్టి, ఎవరి ఖాతా అని చూడకుండా ఆయన తన కార్డును అందులోకే ఎక్కించారు. ఇందులో చిక్కేమీ లేదు, బావా బావమరుదుల మధ్య మాటలుంటే. అతను పాత కారు కొని గుద్దించుకున్నప్పుడు, పాలసీ ఇంకా పాత యజమాని పేరునే ఉందని క్లెయిము కొట్టేసింది ఈ బావగారే. కొట్టేస్తే కొట్టేశారు, ఆ ఉత్తరం నకలును అతని ఇంటికి కూడా పంపారు.

"నువ్వొకసారి వాడికి ఫోన్ చెయ్యరాదూ?" అన్నారు ఆయన.

"మీరే చేయండి. పోయినసారి మీ ఇద్దరి మధ్యలో ఉండి చాలా సుఖపడ్డాను," అంది ఆమె.

ఆయన చేస్తే అతను ఫోన్ ఎత్తలేదు. దాంతో టాబ్లెట్ పట్టుకుని ముగ్గురూ అతని ఫోటో స్టూడియోకు వెళ్లారు. బావమరిది పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు. మేనకోడలిని ఎత్తి లైటు పెట్టె మీద కూర్చోబెట్టాడు, అక్కకు కుర్చీ వేశాడు, బావగారికి గోడ చూపించాడు. ఆయన గొంతు సవరించుకుని సంగతి చెప్పారు.

"రసీదు మెయిలు నాకు వచ్చింది బావా. డ్రాగన్ కోట అని ఉంది. మీకు కొత్త సరదా పుట్టిందేమో అనుకున్నా. మాటల్లేవు కదా, అభినందించలేకపోయా."

ఆయన గోడకు మరికాస్త ఆనుకున్నారు.

"కార్డు మీది, ఖాతా ఇంకొకరిది. మీ ఆఫీసులో ఇలాంటి దానికి ఏం రాస్తారు?"

"దరఖాస్తుదారుకు అర్హత లేదని," అన్నారు ఆయన, నేల వైపు చూస్తూ.

"ఆ వాక్యం నాకు నోటికొచ్చు," అని బావమరిది కత్తెర పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కోపం తీరిందని కాదు, బావ ఆ వాక్యాన్ని తన నోటితో అనడం అతనికి మహా తృప్తిగా ఉన్నట్టుంది.

అతని ఖాతాతో లోపలికి వెళ్లగానే కొనుగోళ్ల జాబితాలో కోట కనిపించింది. రసీదులోని ఆర్డరు నంబరు దాంతో సరిపోయింది. తర్వాత కారణం ఎంచుకోమంది. ఎవరో తెలియనివాళ్లు కొన్నారన్నది నొక్కితే కేసు గట్టిగా ఉంటుందని క్లెయిముల ఆఫీసరు సలహా ఇచ్చారు.

"తెలియనివాళ్లా? అదిగో, అక్కడ కూర్చుని కాళ్లూపుతోంది," అంది భార్య.

అలా నొక్కితే ఖాతాను ఎవరో దొంగిలించారని వేరే విచారణ మొదలవుతుందని బావమరిది చెప్పి, అనుమతి లేకుండా పిల్లలు కొన్నారన్న కారణం ఎంచుకున్నాడు. వివరాల గడిలో మూడు పేజీల అర్జీ ఇరికించాలని ఆయన ఎంతో ముచ్చటపడ్డారు. గడి ఒప్పుకోలేదు. చివరికి అక్క చెబుతుంటే తమ్ముడు కొట్టాడు: మా ఆరేళ్ల మేనకోడలు ఆటలో పొరపాటున కొంది, కార్డు మా బావగారిది, కొన్న రోజే అడుగుతున్నాం, ఇకపై ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా మార్చాం. ఆ మాట అబద్ధం కాకూడదని ముందు ఖాతాకు కొత్త పాస్‌వర్డు పెట్టి, టాబ్లెట్‌లో అది మార్చి, ఆ తర్వాతే పంపాడు.

ఒకట్రెండు రోజుల్లో చెబుతామని జవాబు వచ్చింది. మీ సహనానికి ధన్యవాదాలు అని కూడా రాశారు. ఆ ముక్కను ఎన్నో ఏళ్లుగా జనానికి పంపుతున్న ఆఫీసరుకు, అది చదివితే ఒళ్లు మండుతుందని మొదటిసారి తెలిసింది. మర్నాడు ఆఫీసులో ఫైళ్లు తెరవకుండా బావమరిదికి ఫోన్ల మీద ఫోన్లు చేసి కబురు వచ్చిందా అని అడిగారు. అతను ప్రతిసారీ, పరిశీలనలో ఉంది బావా, అన్నాడు. నిజానికి అప్పటికే ఒప్పుకున్నట్టు మెయిలు వచ్చేసింది. సాయంత్రం దాకా బావను ఊరించి, అప్పుడు చెప్పాడు. కొద్ది రోజులకు సొమ్ము అదే కార్డులోకి తిరిగి వచ్చింది. అర్జీ రాయడం అందరికీ చేతకాదని ఆయన సహోద్యోగులతో అన్నారు.

ఆటలో కోట మాయమైంది. పిచ్చుక బావురుమంది. డ్రాగన్‌ను రోడ్డున పడేసింది ఎవరని అడిగితే ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ టాబ్లెట్ నుంచి తన ఖాతా తీసేయనా అని బావమరిది అడిగాడు. తీసేస్తే ఆట మొదటికొస్తుందని తెలిసి, పిల్ల ముఖం చూసి, ఉండనీ అన్నారు ఆయన. దాంతో కొత్త పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు అందులో ఏ చిన్నది కొనాలన్నా క్లెయిముల ఆఫీసరు బావమరిదికి ఫోన్ చేసి, ఎందుకో, ఎవరికో వివరంగా చెప్పుకోవాలి. అతను అంతా విని, ఆలోచించి చెబుతానంటాడు.