రెండు శాతం లోపు

పుల్లయ్య పరీక్ష తప్పలేదు, తప్పించారు. తప్పించింది ఊరూ పేరూ తెలియనివాళ్ళు కాదు, అతనికి పాఠం చెప్పిన మనిషే.

గన్నవరం దాటాక హైవే పక్కనున్న ఫ్యాక్టరీలో పుల్లయ్యది సీలింగ్ మిషన్. వేయించిన పల్లీలు, చిప్స్, కారప్పూస ప్యాకెట్ల మూతులు అతికించడం పని. పదకొండేళ్ళుగా నిలబడే చేశాడు. కుడి మోకాలు అరిగిపోయింది. డాక్టరు నిలబడొద్దన్నాడు. కూర్చుంటే మిషన్ నడవదు.

ఈ ఏడాది ఆకుకూరల ప్యాకింగ్ లైను కొత్తగా పెట్టారు. దాని ఇన్‌ఛార్జికి ఒక టేబులూ కుర్చీ ఉంటాయి. ఫుడ్ ప్యాకేజింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైనవాళ్ళకే ఆ కుర్చీ అన్నారు. ఊళ్ళో బళ్ళో పదో తరగతితో చదువు ఆపేసిన పుల్లయ్య యాభై మూడో ఏట మళ్ళీ పుస్తకం పట్టాడు.

చదివించింది ఉషశ్రీ. క్వాలిటీ ఆఫీసరు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తిన్నాక ప్యాకెట్లు చేసే ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు టేబుల్ మీద పరిచి అడిగేది.

"పల్లీకి శత్రువెవరు పుల్లయ్యగారూ?"

"ఆక్సిజనండి. నూనెని కంపు కొట్టించుద్ది."

"అందుకని?"

"గాలి తీసేసి నైట్రోజన్ కొడతాం. ఆక్సిజన్ని లోపలికి రానియ్యని ఫిల్మ్ వేస్తాం. లోపల మెరిసే పూత ఉన్నది."

"మరి ఇందులో పూత లేదే?"

"మధ్యలో ఇంకో పొర ఉందండి. అది పొడిగా ఉన్నంతసేపే ఆక్సిజన్ని ఆపుద్ది, చెమ్మ తగిలిందంటే చేతులెత్తేస్తది. అందుకే అటొకటీ ఇటొకటీ పాలిథిన్ పొరలు కాపలా."

"గోంగూరకి కూడా ఇదే వేద్దామా?"

పుల్లయ్య నవ్వాడు. భార్య మార్త పోయిన నాలుగేళ్ళలో అతను నవ్వడం ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు. మార్త కంకిపాడు సంతలో ఆకుకూరలు అమ్మేది. ఎవరైనా సంచి మూతి బిగించి కడితే, "దాని పీక నొక్కుతావేంటి?" అని కసిరేది.

"కోసినా ఆకు బతికే ఉంటదండి," అన్నాడు. "ఊపిరి పీల్చుద్ది. పల్లీ ఫిల్మ్‌లో పెట్టి నైట్రోజన్ కొడితే ఊపిరాడక లోపలే పులిసిపోద్ది. దానికి సన్న చిల్లుల ఫిల్మే వెయ్యాలి. మామూలు గాలితోనే సీలు వేసి చల్లగా పెడితే, ఆకే ఆక్సిజన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటది."

"నూటికి నూరు," అంది ఉషశ్రీ.

పరీక్షకి విజయవాడ నుంచి లక్ష్మీకాంత్ వచ్చాడు. పరీక్ష పెట్టి మార్కులు వేసే అసెసరు. పొద్దున రాతపరీక్షలో పుల్లయ్యకి యాభైకి నలభై ఒకటి. మిషన్ల మీదున్న పదకొండు మందిలో అదే పైమార్కు. మధ్యాహ్నం ప్రాక్టికల్. ఒక్కొక్కరూ రెండు ప్యాకెట్లు కట్టాలి. ఒకటి పల్లీలు, రెండోది గోంగూర.

ముందు దుర్గాప్రసాద్ కట్టాడు. ముప్పై ఏళ్ళ వాడు, చేయి చురుకు, నోరు ఇంకా చురుకు. రెంటికీ మెరిసే ఫిల్మే తీసి, రెంటికీ నైట్రోజన్ కొట్టాడు. లక్ష్మీకాంత్ ప్యాకెట్ మీద రబ్బరు బిళ్ళ అతికించి, దానిలోంచి మీటరు సూది గుచ్చాడు. లోపలి ఆక్సిజన్ ఎంతో తెర మీద పడింది. సున్నా పాయింట్ ఎనిమిది.

"పాస్."

పుల్లయ్య పల్లీల ప్యాకెట్ అలాగే పాసైంది. గోంగూరకి చిల్లుల ఫిల్మ్ తీసుకున్నాడు, గ్యాస్ ముట్టుకోలేదు. సూది దిగింది. ఇరవై పాయింట్ ఆరు.

"ఏమయ్యా, గ్యాసు కొట్టడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. దానికి కొట్టకూడదు."

"జవాబుల కీలో ఆక్సిజన్ రెండు శాతం లోపు ఉండాలని ఉంది. నీది ఇరవై. ఇది ప్యాకింగ్ కాదు, కూరల సంచి."

వెనక నుంచి దుర్గాప్రసాద్, "బాబాయ్ కిటికీ తెరిచి పెట్టాడండి," అన్నాడు. పదిమందీ నవ్వారు.

"రెండు శాతం పల్లీకండీ," అన్నాడు పుల్లయ్య. "ఆకు ఊపిరి పీల్చాలి కదా. ఇప్పుడే కట్టాను, ఆక్సిజన్ ఇప్పుడే దిగదు. నాలుగు రోజులు చల్లగదిలో ఉంచి అప్పుడు గుచ్చండి."

"నాలుగు రోజులు నీ గోంగూర పక్కన కాపలా కూర్చోమంటావా? అడ్డదిడ్డంగా మాట్లాడకు. మేడమ్, మీరు చెప్పండి. కీ మీరు చూసి సంతకం పెట్టిందేగా?"

అందరూ ఉషశ్రీ వైపు చూశారు. ఫ్యాక్టరీ తరఫు సాక్షి ఆమే. పుల్లయ్య కూడా చూశాడు. ఆ పాఠం చెప్పిన మనిషి అక్కడే ఉంది.

ఉషశ్రీ మార్కుల షీటు అందుకుంది. తల ఎత్తలేదు.

"కీ ప్రకారమే వెయ్యండి సార్," అని సంతకం చేసింది.

అభ్యంతరాలకి నలభై ఎనిమిది గంటల గడువు. అభ్యంతరం పెట్టాలంటే సాక్షి సంతకం కావాలి. పుల్లయ్య కాగితం రాసుకుని రెండుసార్లు ఆమె గదికి వెళ్ళాడు. ఒకసారి మీటింగన్నారు, రెండోసారి సెలవన్నారు. గడువు దాటింది. కుర్చీ దుర్గాప్రసాద్‌కి వెళ్ళింది.

కుర్చీ ఎక్కిన నాలుగో రోజు దుర్గాప్రసాద్ సీలింగ్ మిషన్ దగ్గరకొచ్చాడు. నోటి చురుకు కాస్త తగ్గింది.

"బాబాయ్, ట్రయలుకి యాభై ప్యాకెట్లు కట్టించా. ఉబ్బుతున్నాయి. విప్పితే కల్లుకుండ వాసన. నువ్వు వేసిన ఫిల్మ్ ఏ రోలు?"

"కీలో చూసుకో."

"అది కాదు బాబాయ్, మేనేజరు—"

"రెండు శాతం లోపేగా ఉంది? పాసే." పుల్లయ్య మిషన్ తిప్పాడు. ఆ చప్పుడులో ఇంకేం వినపడలేదు.

మర్నాడు ఉషశ్రీ వచ్చింది, చేతిలో మీటరు చీటీ పట్టుకుని. పరీక్ష ప్యాకెట్లు చల్లగదిలోనే ఉన్నాయట. వాటికి మళ్ళీ సూది గుచ్చిందట.

"మీది ఆక్సిజన్ తొమ్మిదికి దిగింది పుల్లయ్యగారూ. కార్బన్ డయాక్సైడ్ పదకొండు. ఆకు పొద్దున కోసినట్టుంది. అతనిది ఆక్సిజన్ సున్నా, ఆకు నల్లబడింది."

పుల్లయ్య చీటీ అందుకోలేదు.

"ఆ కీ చిప్స్ పరీక్షది. అలాగే కాపీ కొట్టి పంపారు. నేను ముందురోజు చదవకుండా సంతకం పెట్టాను. అక్కడ నోరు విప్పితే నా తప్పు బయటపడుతుంది. నా ఉద్యోగం... మళ్ళీ ప్రాక్టికల్ పెట్టమని మీ అంతట మీరు అడగండి. ఈ రీడింగ్ జత చేయండి, నేను బలపరుస్తాను. నేను కీ చూశానన్న సంగతి మాత్రం రాయకండి."

"ఆ రోజు మీకు సమాధానం తెలీదా మేడమ్?"

"తెలుసు."

"పదిమంది నవ్వుతుంటే విన్నారా?"

"విన్నాను."

"ఇప్పుడూ నన్నే అడగమంటున్నారు. మీ సంతకం దాచిపెట్టి."

"కుర్చీ మీకొస్తుంది పుల్లయ్యగారూ. మీ మోకాలు..."

"నా మోకాలి సంగతి మీకెందుకు?"

ఉషశ్రీ కళ్ళు తుడుచుకుంది. అతను చూశాడు. చూసి, రోలు సరిచేసుకున్నాడు.

"ఒక్కమాట అనండి. తిట్టనైనా తిట్టండి."

"తిట్టడానికి మీరు నాకేమవుతారండి? మంచి పాఠం చెప్పారు, నేర్చుకున్నా. అంతే. ఆ పరీక్ష మాట ఇక నా ముందు ఎత్తొద్దు. మీరే కాదు, మేనేజరు అడిగినా, పై నుంచి ఎవరొచ్చి అడిగినా నేను చెప్పను. నా నోట ఆ మాట ఇదే ఆఖరు."

కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చుకుని, తర్వాతి ప్యాకెట్ మిషన్ కింద పెట్టాడు.