బాలమిత్ర సీసా

మందుల ఇన్‌స్పెక్టరు జ్ఞానప్రకాశం మా మందుల కొట్టుకు వచ్చింది నంద్యాలలో ఎండ మండిపోతున్న పొద్దున. కూర్చోమన్నా కూర్చోలేదు. హైదరాబాదు కంపెనీ ఒకటి మార్చిలో చేసిన పిల్లల దగ్గుమందులో ఏదో విషం కలిసిందని, తాగిన పిల్లలకు ఉచ్చ బిగిసిపోతోందని, ఆ సీసాలన్నీ వెంటనే దించేయమని చెప్పాడు.

నేను ఆ కొట్లో మందుల బల్ల చూసుకునే ఫార్మసిస్టును. కంపెనీ పేరు చూసి, ఆ సీసాలన్నీ దించి పెట్టెలో పెట్టాను. పక్క అరలో మా కొట్టు సొంత మందు ఉంది. 'బాలమిత్ర' అని మా యజమాని ఆదినారాయణ పెట్టించిన పేరు. పచ్చ లేబులు, నవ్వే బిడ్డ బొమ్మ. ఊరంతా దాన్ని ఆయనే కాచి సీసాల్లో పోస్తాడన్నట్టు కొనేది. ఆయనకు కషాయం కాయడం కూడా రాదు. ఎవరి దగ్గరో చేయించి, మీద తన లేబులు అంటించుకునేవాడు. చేసినవాడి పేరు మాత్రం వేయనిచ్చేవాడు కాదు. పేరు తెలిస్తే జనం నేరుగా ఆ మందే కొంటారని భయం.

"మనది వేరే గదమ్మా, దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు ఆదినారాయణ.

నాకెందుకో నమ్మకం కలగలేదు. బాలమిత్ర సీసాను, పెట్టెలో పెట్టిన కంపెనీ సీసాను పక్కపక్కన పెట్టి, అడుగున చీమంత అక్షరాల్లో ఉన్నది చదివాను. రెంటి మీదా ఒకటే చిరునామా, హైదరాబాదు పారిశ్రామిక వాడలో పద్నాలుగో షెడ్డు. రెండు సీసాలూ ఆదినారాయణ ముందు పెట్టాను.

"ఒక షెడ్డులో పది కంపెనీలుంటాయి. దానికేం?" అన్నాడు ఆయన.

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "ఉండొచ్చప్పా. చిరునామా ఒకటైనంత మాత్రాన కంపెనీ ఒకటని చెప్పలేం. లైసెన్సు నంబరు చూడమ్మా. అది మాత్రం ఒకరిది ఇంకొకరికి ఉండదు."

చూశాను. కంపెనీ సీసా మీద మూడు వందల పదిహేడు. బాలమిత్ర మీదా అదే. తయారైన నెల మార్చి.

"పేరు ఎందుకు వేయలేదో తర్వాత మాట్లాడదాం" అని ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ వైపు చూసిన చూపుకు నేనే తల దించుకున్నాను. "ముందు ఇవన్నీ సీలు వేయాల. అమ్మినవి వెనక్కి రప్పించాల."

ఆదినారాయణ ముఖం పాలిపోయింది. కానీ వెంటనే లేచాడు. "నిండా మునిగినాక చలేంది. జీపు మీద మైకు పెట్టి చెప్పిస్తా. నా పేరే చెప్పిస్తా" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది.

నాకప్పుడు మా దెబోరక్క గుర్తొచ్చింది. ఆళ్లగడ్డలో బడిపంతులమ్మ. కిందటి ఆదివారం ప్రార్థన ముగిశాక నంద్యాల వచ్చి, రెండేళ్ల అబ్రహాముకు దగ్గు అని బాలమిత్ర తీసుకుపోయింది. సీసా నా చేతుల మీదుగానే పోయింది.

వాళ్ళింట్లో ఫోను లేదు. బస్సెక్కాను. దారి పొడవునా ఆ మాటే నెమరేసుకున్నాను, ఉచ్చ బిగిసిపోతోంది, ఉచ్చ బిగిసిపోతోంది. ముందు సీటు ముసలామె జామకాయ ఇస్తే పట్టుకుని కూర్చున్నానే గాని కొరకలేదు. ప్రభువా, వాడు ఆ మందు చేదని ఉమ్మేసి ఉండాలి అని మొక్కుకున్నాను. కాని చేదు లేకుండా తియ్యగా చేస్తారు కదా ఈ మందులు. ఆ తియ్యదనం మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది.

అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "ఏందే లూదియా, చెప్పకుండా వచ్చినావ్?"

"బాలమిత్ర యాడ పెట్టినావ్? తాగిచ్చినావా?"

"దగ్గు తగ్గి మళ్లీ వచ్చిందని నిన్న మాపున, ఈ పొద్దున తాగిచ్చినా. ఏమైందే?"

జరిగింది చెప్పాను. అక్క చేట వదిలేసి లోపలికి పరుగెత్తి సీసా తెచ్చింది. అదే పచ్చ లేబులు, అదే నవ్వే బిడ్డ. కింది అక్షరాలు చదివాను. చిరునామా బళ్లారిది. నంబరు వేరు. తయారైంది పోయిన ఏడాది. మా ఆదినారాయణ అప్పట్లో బళ్లారి వాళ్లతో చేయించేవాడన్నమాట. ఈ ఏడాదే కంపెనీ మార్చినట్టున్నాడు.

"ఇది కాదక్కా, ఇది మంచిదే" అని కూలబడ్డాను. కన్నీళ్లు ఆగలేదు. అక్క చెంబుతో నీళ్లు ఇచ్చింది. తాగుతూ మళ్లీ సీసా వైపు చూశాను.

మందు మెడ దాకా ఉంది. కొట్లో పోయిన ఏటి సరుకు ఎప్పుడో అయిపోయింది. అప్పుడు కొన్న సీసా ఇంకా మెడ దాకా ఎట్లుంటుంది?

"అక్కా, ఆదివారం తెచ్చిన సీసా యాడుంది?"

"అది వెడల్పు మూతిది. కొబ్బరినూనెకు బాగుంటాదని, దాంట్లో మందు దీంట్లోకి ఒంపినా. రెండూ మీ కొట్టుదే, ఒకటే మందు గదే!"

తప్పు పట్టడానికి నోరు రాలేదు. ముందు వైపు చూస్తే ఒకటే మందు. మా ఇళ్లల్లో ఏ సీసానూ పారెయ్యం కదా. గూట్లో నుంచి వెడల్పు సీసా తీసి చూశాను. నూనె జిడ్డులో లేబులు సగం ఊడింది. అడుగున మూడు వందల పదిహేడు కనిపిస్తూనే ఉంది.

"వాడు ఉచ్చ పోసినాడా?"

అక్క ముఖం తెల్లబోయింది. "పొద్దున మందు తాగిచ్చినప్పటి నుంచి గుడ్డ తడపలేదే. ఎండకు నీళ్లు తాగక అట్లుండాడనుకున్నా."

అబ్రహామును ఎత్తుకుని ఇద్దరం సర్కారు ఆసుపత్రికి నడిచామో పరుగెత్తామో తెలియదు. సీసా నా సంచిలో ఉంది. డాక్టరుకు చూపించి, ఉన్నదంతా చెప్పాను. ఆయన బిడ్డ పొట్ట నొక్కి చూశాడు. "రెండు చెంచాలే కదా. నీళ్లు పట్టించండి. గుడ్డ తడిస్తే భయం చాలా తగ్గినట్టే. తడవకపోతే సాయంత్రం బండిలో కర్నూలు పంపిస్తా. తడిసినా రేపటిదాకా ఇక్కడే ఉంచి చూడాల" అన్నాడు.

వరండా బల్ల మీద కూర్చున్నాం. అక్క చెంచాతో నీళ్లు పోస్తోంది. వాడు సగం తాగి సగం నా మీద ఊస్తున్నాడు. ఎప్పుడూ గోల చేసేవాడు ఆ రోజు మెత్తగా నా ఒడిలో పడుకుని, నా గాజులు లెక్కపెట్టినట్టు తిప్పుతున్నాడు. ఎండ మెట్ల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. అక్క పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన నాకు వినబడలేదు. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూస్తాను, పొడిగా ఉంటుంది. మళ్లీ చూస్తాను, పొడే.

"కర్నూలు బండి సిద్ధం చేయమని చెప్పనా?" అంటూ డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు.

అక్క లేచి నిలబడింది. నేనూ లేవబోయాను, లేవలేకపోయాను. నా ఒడి వెచ్చబడింది. ఆ వెచ్చదనం చీర దాటి, బల్ల దాటి, నేల మీదికి చుక్కలు చుక్కలుగా కారింది.

"తడిపినాడక్కా!" అని అరిచాను. వరండాలో జనమంతా తిరిగి చూశారు. ఒకామె ముక్కు మూసుకుంది. అక్క కింద కూర్చుని, ఆ తడిసిన నేలను అరచేత్తో తాకి కళ్లకద్దుకుంది.