మామిడి ఫ్యాక్టరీకి మర్యాద ఉత్తరం

నారాయణసామి మామిడిగుజ్జు ఫ్యాక్టరీ కట్టాల్సిన బిల్లు గడువు దాటి పది రోజులైంది. తమిళనాడు ధర్మపురిలో అట్టపెట్టెలు చేసే భూపతికి అది మింగుడుపడలేదు. ఆ పెద్దాయన ఏనాడూ మాట తప్పిన మనిషి కాడు.

"ఫోన్ చేస్తే గద్దించినట్టుంటాది. మర్యాదగా ఒక లెటర్ రాయి," అన్నాడు భార్యతో. లెక్కలు చూసేది యోగలక్ష్మే.

ఆమె కంప్యూటర్‌లో ఇంగ్లీషులో రాసింది. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, గడువు. బహుశా తమ దృష్టికి రాకపోయి ఉండవచ్చు. ఈపాటికే చెల్లించి ఉంటే దీన్ని పట్టించుకోవద్దు. ఏదైనా ఇబ్బంది ఉంటే తెలపగలరు. వడ్డీ మాట, కోర్టు మాట రానీయలేదు. బిల్లు నకలు జతచేసి, అటుగా సరుకు దించి, ఖాళీగా ఫ్యాక్టరీ మీదుగా తిరిగొచ్చే తమ లారీలో తానే బయల్దేరింది.

మామిడి కాలం. అయినా గేటు ముందు ఒక్క ట్రాక్టరూ లేదు. బాయిలర్ పొగ లేదు. కుళ్లిన పండ్ల పులుపు వాసన మాత్రం ముక్కుపుటాలు అదరగొట్టింది.

నారాయణసామి ఉత్తరం రెండుసార్లు చదివి, అవసరానికి మించి నవ్వాడు. "ఎంత చక్కగా రాసినావు పాపా! వచ్చే వారం చెక్కు పంపుతాను." ఉత్తరం నకలు మీద అందినట్టు సీలు వేసి ఇచ్చాడు. బయట బండి చప్పుడైనప్పుడల్లా ఆయన కళ్లు వాకిలివైపు పరుగెత్తాయి.

ఆయన భార్య ఇంద్రాణి మజ్జిగ ఇచ్చే నెపంతో యోగలక్ష్మిని గోడౌన్ పక్కకు తీసుకుపోయింది. లోపల తాము పంపిన పెట్టెల కట్టలు చాలావరకు విప్పకుండానే ఉన్నాయి.

"మీ సరుకు ఈ పొద్దే ఎత్తుకొని పోమ్మా. రేపటికి నేను చెప్పలేను."

"ఎందుకత్తా?"

"ఫైనాన్సువాళ్లు నిన్న జప్తుకని మిషన్లకు నంబర్లు వేసి పోయినారు."

యోగలక్ష్మి వెనక్కి వచ్చి, విప్పని కట్టలు తిరిగివ్వమని తలవంచుకుని అడిగింది.

"లెటర్‌లో ఇది లేదే," అన్నాడు నారాయణసామి మెల్లగా.

"లేదు మామా. రాసేటప్పుడు నాకు తెలీదు."

ఆయనే కాగితం తీసి, వెనక్కి ఇస్తున్న కట్టలు రాసి సంతకం పెట్టాడు. "దీన్ని బిల్లులో తగ్గించుకోండి. మిగిలింది ఇస్తాను," అన్నాడు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేదు.

కట్టలు ఎక్కించుకుని లారీ గేటు దాటుతుంటే రెండు జీపులు ఎదురొచ్చాయి. దిగిన మనుషులు లోడు వైపు చూశారు. ఒకడు లారీ నంబరు చేతిమీద రాసుకున్నాడు.

"ఆపొద్దు, పోనీ," అంది యోగలక్ష్మి డ్రైవర్‌తో.

సాయంత్రం భూపతి కట్టలు దింపించుకుంటూ, బతికిపోయామన్నాడు. ఆమెకు కుదురు చిక్కలేదు. తానే ఇంద్రాణి వాళ్ల ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎవరో మగమనిషి ఎత్తాడు.

"మీరెవరు? ఆయన మీకెంత ఇవ్వాలి?" అని తమిళంలో అడిగాడు.

వెనక ఏదో బరువైనది నేలమీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఇంద్రాణి గొంతు వినపడుతుందేమోనని యోగలక్ష్మి చెవి ఒగ్గింది. వినపడలేదు.