పద్నాలుగో స్లైడుకు ఆధారం

ప్రాంతీయ ఆరోగ్య మండలి కార్యాలయంలో తోరున్‌ది ఎవరి కంటా పడని ఉద్యోగం. మండలిలో సభ్యులు తొమ్మిది మంది. వాళ్ల ముందుకు వచ్చే ప్రతి నివేదికనూ, ప్రతి ప్రెజెంటేషన్‌నూ ఆవిడ ముందుగా చదివి, ఒక్క పేజీ సారాంశం రాసి పెట్టాలి. సభ్యుల్లో సగం మంది ఆ పేజీ తప్ప మరేదీ చదవరని అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. ఇరవై రెండేళ్లుగా రాస్తోంది. ఆ పేజీ కింద సంతకం ఉండదు.

తొమ్మిదేళ్ల కిందట బయటి దీవులకు తిరిగే అంబులెన్స్ పడవను తీసెయ్యాలని ఒక ప్రెజెంటేషన్ వచ్చింది. హెలికాప్టర్ ఉంది, చాలు, అని అందులో వాదన. హెలికాప్టర్ ఎగరలేని రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో అందులో ఎక్కడా లేదు. లేదన్న సంగతి తోరున్ గమనించింది కూడా. ప్రెజెంటేషన్‌లో లేనిదాన్ని సారాంశంలో రాయడం తన పని కాదనుకుంది. ‘హెలికాప్టర్ సేవ సరిపోతుంది’ అని చక్కగా ఒక వాక్యం రాసింది. పడవ తీసేశాక రెండో చలికాలంలో ఓత్తార్ అనే జాలరి గుండెనొప్పితో తుఫానులో నాలుగు గంటలు ఎదురుచూసి, వంటగది బల్ల పక్కనే ప్రాణం విడిచాడు. తోరున్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ వాక్యం ఎవరు రాశారో తెలిస్తే కదా అనడానికి.

అప్పటి నుంచి ఆవిడ పని తీరు మారింది. ఏ ప్రెజెంటేషన్ వచ్చినా సారాంశం వెంటనే మొదలుపెట్టదు. ముందు ప్రతి స్లైడు పైనున్న శీర్షికను వరసగా కాగితం మీద రాసుకుంటుంది. ఒకదాని నుంచి ఇంకొకటి నిజంగా వస్తోందా, లేక మధ్యలో గెంతు ఉందా అని చూస్తుంది. తర్వాత ఒక్కో మాట ఎదురుగా దాన్ని నిలబెట్టే ఆధారం ఏమిటో రాస్తుంది. ఆధారం లేని చోట ఖాళీగా వదులుతుంది.

ఆ నవంబరు సోమవారం బల్ల మీదికి వచ్చినది ముప్ఫై ఎనిమిది స్లైడ్ల ప్రెజెంటేషన్. స్కార్‌వోగెన్ ఊరి ఆసుపత్రిలో ప్రసూతి విభాగాన్ని మూసి, కాన్పులన్నీ జిల్లా పెద్దాసుపత్రికి మార్చాలని దాని సారం. తయారుచేసింది ఐవిన్. ముప్ఫై అయిదేళ్లవాడు, చురుకైనవాడు. గురువారం మండలి సమావేశం.

చదవడానికి హాయిగా ఉంది. కాన్పులు ఏటేటా తగ్గుతున్నాయి. డాక్టర్లు దొరకడం లేదు. నిరుడు పదకొండు వారాలు విభాగానికి తాళమే. వీటికి పట్టికలున్నాయి, తేదీలున్నాయి. తోరున్ కాగితం మీద వాటి ఎదురుగా వెంటనే ఆధారం రాసేసింది.

తొమ్మిదో స్లైడు దగ్గర కలం ఆగింది. ‘పెద్దాసుపత్రికి ప్రయాణం సగటున యాభై నిమిషాలు.’ కింద చిన్న అక్షరాల్లో చూస్తే అది ఊరి నడిబొడ్డు నుంచి, జూన్ నెలలో, కారులో తీసిన లెక్క. ఫెర్రీ పడవెక్కి దీవుల నుంచి రావలసిన వాళ్లు అందులో లేరు. కొండదారి మూసేసే జనవరి అందులో లేదు.

పదకొండో స్లైడు: ‘మిడ్‌వైఫ్‌లలో డెబ్భై అయిదు శాతం మంది సమర్థిస్తున్నారు.’ అనుబంధం తిరగేసింది. కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లు ఉన్నది పదకొండు మంది. జవాబిచ్చింది నలుగురు. అవునన్నది ముగ్గురు.

పద్నాలుగో స్లైడు మీద ఒకే వాక్యం, పెద్ద అక్షరాల్లో. ‘పొరుగు జిల్లాలో ఇలాగే మూశాక తల్లీబిడ్డల భద్రతలో తేడా రాలేదు.’ ఆ తర్వాతి ఇరవై నాలుగు స్లైడ్లూ దీని మీదే నిలబడ్డాయి. దాని కింద గ్రాఫ్ లేదు. మూలం: ‘పూర్వ నివేదిక’. అంతే.

తోరున్ సారాంశం ఒకసారి రాసి చూసింది. ‘పొరుగు జిల్లా అనుభవం ప్రకారం మార్పు సురక్షితం’ అని వచ్చింది. చదువుకుంటే ఎంత నున్నగా ఉందో! ముప్ఫై ఎనిమిది స్లైడ్లలో ఉన్న గుంత ఒక్క పేజీలోకి కుదించేసరికి పూడిపోయింది. ఆవిడ కాగితాన్ని చించి బుట్టలో వేసింది.

మధ్యాహ్నం భోజనాల గదిలో ఐవిన్ పక్కన కూర్చుంది. గోధుమరంగు చీజ్ వేసిన రొట్టెముక్కలు డబ్బాలోంచి తీస్తూ మెల్లిగా అడిగింది.

“పద్నాలుగో స్లైడు ఎక్కడ్నించి తెచ్చావు ఐవిన్?”

“ఎందుకు, బాలేదా?”

“బానే ఉంది. ఎక్కడ్నించి తెచ్చావనే అడుగుతున్నా.”

“మూడేళ్ల కిందటి ప్రెజెంటేషన్ అనుబంధంలో ఉంది. అప్పట్లో మండలి దాన్ని ఆమోదించింది కదా.”

“ఆమోదిస్తే నిజమైపోయిందా?”

ఐవిన్ మొహం ఎర్రబడింది. “మీరు సారాంశం రాయాలి తోరున్. పరీక్ష పేపర్లు దిద్దడం కాదు.”

“దిద్దను. ఆ పాతది ఒకసారి పంపు చాలు.”

పంపాడు, కాస్త విసురుగానే. పాత ప్రెజెంటేషన్‌లో వాక్యం కొంచెం వేరుగా ఉంది: ‘భద్రతలో తేడా కనిపించలేదు.’ దాని మూలం ఒక ఉత్తరం. ఆ ఉత్తరాన్ని పాత ఫైళ్లలోంచి తీయించడానికి మంగళవారం మధ్యాహ్నమైంది. పొరుగు జిల్లా అధికారి రాసినది: ‘ఇప్పటివరకు తేడా ఏదీ మా దృష్టికి రాలేదు.’ తేదీ చూసింది. విభాగం మూసిన ఏడు వారాలకు రాసిన ఉత్తరం అది.

దృష్టికి రాలేదన్నది కనిపించలేదయింది. కనిపించలేదన్నది అసలు తేడాయే రాలేదయింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. చేతులు మారినప్పుడల్లా మాట ఒక పొర గట్టిపడింది.

తోరున్ ఐవిన్‌ను పిలిచి మూడు కాగితాలూ వరసగా బల్ల మీద పరిచింది. అతను చాలాసేపు నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నేను చూడాల్సింది,” అన్నాడు.

“మూసిన తర్వాత ఎవరైనా లెక్క తీశారా?”

“తెలీదు.”

“అడుగుదాం.”

ఆ జిల్లాలో పెద్ద మిడ్‌వైఫ్ ఓస్‌హిల్ అని ఒకామె. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. తోరున్ ఆ వాక్యం చదివి వినిపించింది.

“ఎవరు చెప్పారండీ ఆ మాట?”

“మీ జిల్లా పేరుతోనే ఉంది.”

“మమ్మల్ని ఎవరూ అడగలేదు. దారిలో పుట్టిన పిల్లలు ఏ ఆసుపత్రి లెక్కలోకి వస్తారో చెప్పండి నాకు. ఇక్కడా రారు, అక్కడా రారు. సొరంగం మొదట్లో బస్సులు ఆగే చోట, అంబులెన్స్‌లో, నా చేతుల్తో ఇద్దర్ని తీశాను. రెండో బిడ్డ బతకలేదు. మూయకపోతే బతికేదని నేననను. నాకు తెలీదు. కానీ తేడా రాలేదని రాసినవాళ్లకి ఎలా తెలిసింది?”

ఐవిన్ తల వంచుకుని, నోటుపుస్తకంలో ఏమీ రాయకుండా కలం పట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం పొద్దున్నే తోరున్ పేజీ మొదటి చిత్తు తీసుకుని కార్యాలయ అధిపతి గుద్‌బ్రాన్ గదికి వెళ్లింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.

“ఇది సారాంశంలా లేదే తోరున్, అభిప్రాయంలా ఉంది.”

“ఇందులో నా అభిప్రాయం ఒక్కటీ లేదు. ప్రెజెంటేషన్ ఏమంటోందో రాశా. ఏ మాటకు ఆధారం చూపించిందో, దేనికి చూపించలేదో రాశా.”

“నువ్వు మూయొద్దంటున్నట్టే వాళ్లకి అర్థమవుతుంది.”

“మూయడం తప్పో ఒప్పో నాకు తెలీదు గుద్‌బ్రాన్. ఈ ప్రెజెంటేషన్‌కి కూడా తెలీదు. తెలిసినట్టు రాయమంటే మాత్రం నా వల్ల కాదు. పడవ విషయంలో అలాగే రాశాను. ఆ వాక్యం నాదే.”

గుద్‌బ్రాన్ ఆవిడ వంక చూశాడు. ఈ తొమ్మిదేళ్లలో ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

“ఐవిన్ ఏమంటాడు?”

“బయట నిలబడి ఉన్నాడు. అడుగు.”

ఐవిన్ లోపలికి వచ్చాడు. “పద్నాలుగో స్లైడు తీసేస్తానంటే తోరున్ ఒప్పుకోలేదు సార్,” అన్నాడు. “తీసేస్తే ఖాళీ కనబడదట. అక్కడ ‘లెక్క తీయలేదు’ అని రాయమంది. రాశాను.”

గురువారం సభ్యుల చేతికి వచ్చిన పేజీలో, సిబ్బంది కొరత నిజమని, దానికి రుజువులున్నాయని మొదటి పేరాలో ఉంది. ప్రయాణ సమయం వేసవి లెక్క అని, మిడ్‌వైఫ్‌ల అభిప్రాయం నలుగురిదని రెండో పేరాలో ఉంది. ఆఖరున: ‘మార్పు తర్వాత భద్రత తగ్గదన్న మాటకు ఆధారం దొరకలేదు. తగ్గుతుందనడానికీ దొరకలేదు. దారిలో జరిగిన కాన్పులను ఇంతవరకు ఎవరూ లెక్కించలేదు.’

అధ్యక్షురాలు ఇంగ్‌ఫ్రిద్ దాన్ని రెండుసార్లు చదివింది. “మరి ఇన్నేళ్లూ మనం దేన్ని చూసి ఓటేశాం?” అంది. ముగ్గురు వెంటనే మూసెయ్యాలన్నారు. ఆరుగురు లెక్క వచ్చేదాకా ఆగుదామన్నారు. ఆగారు.

లెక్క తీయడానికి ఐవిన్ తానే పూనుకున్నాడు. చలికాలమంతా పొరుగు జిల్లా అంబులెన్స్ చిట్టాలు తిరగేశాడు. ఓస్‌హిల్‌తో కూర్చుని ఒక్కో కాన్పూ సరిచూసుకున్నాడు. విభాగం మూయకముందు మూడేళ్లలో దారిలో పుట్టిన బిడ్డ ఒక్కరు. మూశాక మూడేళ్లలో తొమ్మిది మంది. ఎనిమిది మంది క్షేమం. తొమ్మిది మందిలో ఏడుగురి తల్లులు ఫెర్రీ దాటి వచ్చినవాళ్లు.

మే నెలలో మండలి మళ్లీ కూర్చుంది. డాక్టర్లు అప్పటికీ దొరకలేదు. తాళం వేసిన వారాలు ఇంకా పెరిగాయి. విభాగాన్ని మూయాలనే తీర్మానం అయింది. అయితే అంబులెన్స్‌లో మిడ్‌వైఫ్‌ను పెట్టేదాకా మూయకూడదన్నారు. ఫెర్రీ అవతలి గర్భిణులకు ఆఖరి రెండు వారాలు పెద్దాసుపత్రి పక్కన ఉచితంగా గది ఇవ్వాలన్నారు. ఆ రెండూ జరిగాకే తాళం.

సమావేశం విన్న స్కార్‌వోగెన్ జనం మెట్లు దిగారు. వాళ్లలో ఒకామె, ఆరో నెల కడుపుతో, నడవాలో ఐవిన్ చూపించగా తోరున్ దగ్గర ఆగింది.

“ఆ పేజీ రాసింది మీరేగా? మీరు మా వైపనుకున్నాం.”

“నేను ఏ వైపూ రాయలేదమ్మా. తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు రాశాను.”

“చివరికి మూస్తున్నారు కదా.”

“అవును.”

ఆమె కళ్లు తుడుచుకుంది. గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. “మాది బయటి దీవి,” అంది చివరికి. “ఆగస్టులో నాకు. ఆ గదులు ఎక్కడ ఇస్తారు?”

తోరున్ చేతిసంచి పక్కన పెట్టి, ఆమెను మెల్లగా బెంచీ మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి కాగితం తీసి, పెద్దాసుపత్రి వెనకున్న వీధి గీసి చూపించడం మొదలుపెట్టింది.