రక్తం బాగుంది

మందుల షాపాయన తన పెళ్లాన్ని చెయ్యి పట్టుకుని నా గదిలోకి నడిపించుకొచ్చాడు. నేను నరాల డాక్టర్ని. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. ఆర్నెల్లుగా మిషన్ తొక్కుతుంటే కాలి కింద పలక ఉందో లేదో తెలియడం లేదట.

"నాటకాలండీ," అన్నాడాయన. "నిరుడు రక్తం ఏడుకి పడిపోతే నేనే ఫోలిక్ యాసిడ్ బిళ్లలేసి పన్నెండుకి తెచ్చా. ఇదిగో రెండు రిపోర్టులూ."

నిరుటి రిపోర్టులో ఎర్రకణాలు ఉబ్బి ఉన్నాయి. పాలూ గుడ్డూ ముట్టని ఇల్లు.

"బి పన్నెండు విటమిన్ పరీక్ష చేయించారా?"

"రోజూ ఆకుకూరలే కదండీ తినేది!"

నా నోట్లోంచి మర్యాద జారిపోయింది. "ఆకులకి దాంతో పనే లేదు, అవి తయారుచెయ్యవు. చేసేవి సూక్ష్మజీవులు. మనకది పాలలోంచో మాంసంలోంచో రావాలి, లేదంటే నీ షాపు బిళ్లలోంచే. అది లేక కుంటుపడ్డ రక్తం పనిని నీ ఫోలిక్ నెట్టుకొచ్చింది. నరాల తొడుగుని మాత్రం కాపాడలేదు. రక్తం చూసి నువ్వు మురిసినన్నాళ్లూ ఆ తొడుగు ఊడిపోతూనే ఉంది."

"ఇంజెక్షన్ చేస్తే నడుస్తుందాండీ?"

"ఇవాళే మొదలుపెడతా. పోయిందంతా తిరిగిరాదు."

ఆవిడని కళ్లు మూసుకుని సూది తగలగానే చెప్పమని, ఆ కోపంలోనే కాలి బొటనవేలికి సూది కాస్త గట్టిగా గుచ్చాను. రక్తపు చుక్క పైకొచ్చింది.

"ఎంత ఎర్రగా ఉందో చూశారా!" అన్నాడాయన.

ఆవిడ కళ్లు తెరవలేదు.

"ఇంకా గుచ్చలేదేంటండీ?" అంది.