రెండువందల పద్నాలుగు సర్పంచ్‌లు

ఉక్రెయిన్‌లో ఆరేళ్ళు డాక్టరు చదువు చదివొచ్చిన పాపానికి, ఈపూరులో రాఘవమ్మ పెద్దమ్మ వరండాలో కూర్చుని నవల దిద్దుతున్నాను. తన సర్పంచ్‌గిరీ మీద ఆమె రాసిన ఆ నవల 2001లో ఉక్రేనియన్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు ల్వీవ్‌లోని ప్రచురణ సంస్థ 2019 స్పెల్లింగ్ నియమాలతో దాన్ని మళ్ళీ వేస్తోంది. పాత అనువాదకుడు పోయాడు. తెలుగుతో సరిచూడ్డానికి నేను దొరికాను.

మొదటి వారం హాయిగానే గడిచింది. మంచినీళ్ళ పథకం వచ్చినచోటల్లా ‘ప్రోఎక్త్’ని ‘ప్రోయెక్త్’ చేశాను, ఇప్పుడదొక్కటే రూపం. రేడియో ప్రసారానికి ‘ఎఫిర్’, ‘ఎతెర్’ రెండూ చెల్లుతాయి కనుక పాతదాన్ని కదపలేదు. డాక్టరమ్మ ‘లీకార్’ కాస్తా ‘లీకార్క’ అయింది. ఆ తర్వాత సర్పంచ్ దగ్గర బండి దిగబడింది.

“ఆడరూపం ఎలా కట్టాలో నియమం చెబుతుంది, వాడటం మా ఇష్టం. మేం వాడతాం,” అంది వీడియో కాల్‌లో ఎడిటర్ ఒక్సానా. “సర్పంచ్ అనే మాట 214 చోట్ల ఉంది. పాతాయన క్రియలతో సహా అన్నీ మగ చేశాడు. ఎక్కడ ఆడరూపం ‘సర్పంచ్‌క’ కావాలో ఒక్కోటీ చెప్పు.”

మన భాషలో ‘సర్పంచ్ గారు అన్నారు’ అంటే సరిపోతుంది. అక్కడ ‘స్కజావ్’ అంటే అన్నది మగాడు, ‘స్కజాలా’ అంటే అన్నది ఆడది. దాక్కోవడానికి చోటు లేదు.

గెలిచింది పెద్దమ్మే అయినా, ఆమె మొగుడు వెంకట్రామయ్య పెదనాన్నని ఊరు ఇప్పటికీ సర్పంచ్ గారనే పిలుస్తుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“చదువమ్మాయ్. ఏ రోజు కుర్చీలో ఎవరున్నారో నేను చెప్తా. మీటింగా? నేనే. కలెక్టరు దగ్గరికా? నేనే. బోరు కాడ కొబ్బరికాయ? నేనే.”

అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే నాకు ఒళ్ళు మండింది. సాయంత్రానికి పట్టిక వేస్తే లెక్క తేలింది. ఆయన 213, ఆమె ఒకటి.

“సర్పంచ్ గారు కాఫీ పెట్టి తెచ్చారని ఉంది చూడు, అది మీ పెద్దమ్మ,” అన్నాడు పెద్దమనసుతో.

ఆ పట్టికని కాల్‌లో చూపిస్తే ఒక్సానా పైనుంచి కిందిదాకా చదివింది. “అయితే కథానాయకుడు మగాడు. ఒక్క పేజీలో మాత్రం ఆడదైపోతాడా?” అంది.

నేను తెలుగులో చెప్పగానే పెద్దమ్మ బెండకాయలు పక్కన పెట్టి వచ్చింది. పట్టికని అడ్డంగా కొట్టేసింది.

“కుర్చీలో కూర్చోనియ్యలా. అందుకే పుస్తకంలో కూర్చున్నా. అన్నిచోట్లా నేనే.”

“మరి నన్నేమంటారు?” అన్నాడు పెదనాన్న.

ఒక్సానాని అడిగాను. ఆమె నియమాలు తిరగేసింది. మగమాట నుంచి ఆడమాట చేసే ప్రత్యయాలే ఉన్నాయట. సర్పంచ్‌క మొగుడికి ఏమీ లేదట.

ఆయన ముఖం చిన్నబోయింది. పెద్దమ్మ అది చూసింది.

“ఆ కాఫీ పేజీ మగే ఉంచమ్మాయ్, ఆయనకిచ్చేద్దాం. తతిమ్మా వాటిలో ఒకటి చదువు.”

“సర్పంచ్‌క స్కజాలా,” అని చదివాను.

“ఇంకోసారి,” అంది, కళ్ళొత్తుకుంటూ.